చలివేంద్రం ఫొటో ఎక్కడ నవ్వించింది, ఎక్కడ కోసింది: రోగం మీద మీమ్ పంపే ముందు చూసుకోవాల్సినవి

మా నాయనకు వారానికి మూడు రోజులు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు. కనిగిరి దగ్గర మా ఊరి నుంచి తెల్లారకముందే బయలుదేరి ఒంగోలు వెళతాం. కిడ్నీలు పనిచేయక ఒంట్లో నిలిచిన నీరు తీయించుకోవడానికి మెషిన్ మీద నాలుగు గంటలు పడుకోవాలి. రోజుకు లీటరు నీళ్లకు మించకూడదని డాక్టరు చెప్పారు. ఆ లీటరులో కాఫీ, మజ్జిగ, చారు కూడా లెక్కే. మా వైపు ఎండల్లో లీటరు నీళ్లతో రోజు గడపడం అంటే ఏందో, గడిపినవాళ్లకే తెలియాలి.

పోయిన ఏప్రిల్లో బస్టాండు పక్కన చలివేంద్రం పెట్టారు. తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు, పైన బోర్డు: 'ఇచ్చట దాహం తీర్చబడును'. నాయన దాన్ని ఫొటో తీయించి, కింద నా చేత ఒక మాట రాయించాడు. 'తాగింది తీయడం మాత్రం సోమవారమే.' వార్డులో పక్కపక్క మంచాల వాళ్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపులో వేశాడు. ఆ రోజంతా ఒకటే నవ్వులు. ఒకాయన తన ఇంటి బోరింగు ఫొటో పెట్టి, 'మా ఇంట్లో చలివేంద్రానికి మా ఆవిడ తాళం వేసింది' అన్నాడు.

మే నెలలో నేను అదే ఫొటోను మా బంధువుల గ్రూపులో పడేశాను. ఏమీ ఆలోచించలేదు, బాగుంది కదా అని పంపాను. ఆ గ్రూపులో మా మేనత్త ఉంది. మామయ్యది కూడా ఇదే జబ్బు. అప్పటికి పది రోజుల కిందే ఆదివారం రాత్రి ఊపిరాడక పోయాడు. దినం కూడా ఇంకా కాలేదు. ఫొటో పంపిన కాసేపటికి అత్త గ్రూపులోంచి వెళ్లిపోయింది.

ఫొటో అదే, రాసిన అక్షరాలూ అవే. ఒక చోట పదిమందికి ఊరట ఇచ్చింది, ఇంకో చోట ఒక మనిషిని కోసింది. అందుకని మీమ్ మంచిదా చెడ్డదా అని దాని మొహం చూసి చెప్పలేం. అప్పటి నుంచి రోగం మీద, చావు మీద, చెడ్డ కబురు మీద ఏది ఫోన్లోకి వచ్చినా నేను కొన్ని సంగతులు వరసగా చూస్తున్నాను. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బొమ్మ తీసేసి మాట చదవండి

మన మీముల్లో సగం పని బ్రహ్మానందం మొహం చేసేస్తుంది. ఆ మొహం చూడగానే పెదవి సాగుతుంది, కింద రాసింది ఏమిటో ఆ తర్వాతగానీ బుర్రకు ఎక్కదు. కాబట్టి మొహాన్ని పక్కన పెట్టండి. మీమ్ చెబుతున్నదాన్ని మామూలు మాటల్లో, ఒక్క వాక్యంలో, మీలో మీరు చెప్పుకోండి. ఆ వాక్యంలో దెబ్బ ఎవరి మీద పడుతోందో చూడండి.

చలివేంద్రం ఫొటోను అలా విప్పితే 'నాకు దాహంగా ఉంది, తాగలేను' అని వస్తుంది. అందులో దెబ్బ పడింది జబ్బు మీద, ఆ లీటరు లెక్క మీద. మనిషి మీద పడలేదు.

ఇంకోటి చూద్దాం. కిడ్నీ అమ్మి ఐఫోన్ కొన్నాడనే జోకు మీరు వందసార్లు చూసి ఉంటారు. దాన్ని విప్పితే 'ఫోను ఖరీదు దారుణంగా ఉంది' అని వస్తుంది. ఎవరినీ తిట్టడం లేదు, కిడ్నీ రోగి అనేవాడు రాసినవాడి ఊహలోనే లేడు. దాన్ని క్రూరం అనలేను, పరాకు అంటాను. మా వార్డులో ఒక కుర్రాడు దీన్ని తిరగేశాడు. తన పాత ఫోను ఫొటో పెట్టి, 'ఐఫోన్ నేనే కొనిస్తా, కిడ్నీ ఎవరిస్తారు?' అని రాశాడు. అతనికి కిడ్నీ ఇస్తామన్నవాళ్లు ఇంట్లో ఉన్నా రక్తం గ్రూపు కలవలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లమే మేమంతా. అయినా నవ్వాం. అతను నవ్వమన్నాడు కాబట్టి నవ్వాం.

మూడో రకం వేరు. పడిపోయిన తాగుబోతు బొమ్మ, కింద 'కిడ్నీలు పోయాయంట, పాపం' అని. విప్పితే 'నీ జబ్బు నువ్వు చేసుకున్నదే' అని వస్తుంది. ఇక్కడ దెబ్బ నేరుగా మనిషి మీద పడింది. పైగా మాట కూడా నిజం కాదు. కిడ్నీలు పాడవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణాలు షుగరు, బీపీ. మా నాయన జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. ఇరవయ్యేళ్లు బీపీ ఉండి, మాత్రలు సరిగా వేసుకోలేదు, అంతే. ఇలా నింద వేసే మీమ్ కనబడితే మిగతా లెక్కలేవీ చూడనక్కర్లేదు, అక్కడే ఆపేయండి.

తర్వాత, 'ఫర్వాలేదు' అనే మాట ఎక్కడుందో వెతకండి

ఇది కాస్త నిదానంగా చెప్పాలి, నా పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది.

పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2010లో ఒక మాట చెప్పారు. మనిషి నవ్వాలంటే రెండూ ఒకేసారి అనిపించాలట: ఏదో తప్పు జరిగింది, కానీ ఫర్వాలేదు. తప్పు ఒక్కటే కనిపిస్తే భయమో, కోపమో, ఏడుపో వస్తుంది. ఫర్వాలేదు ఒక్కటే ఉంటే విసుగు పుడుతుంది. రెండూ కలిసిన చోట నవ్వు వస్తుంది. పసిబిడ్డకు చక్కిలిగిలి పెడితే నవ్వుతుంది, ముక్కూమొహం తెలియనివాడు పెడితే ఏడుస్తుంది. చెయ్యి చేసే పని ఒకటే, ఫర్వాలేదు అనిపించడంలోనే తేడా.

దీన్ని చలివేంద్రం మీద పెట్టి చూడండి. నాయన ఆ ఫొటో పెట్టినప్పుడు తప్పు ఏది? దాహం. ఫర్వాలేదు ఏది? తను ఆ రోజు మెషిన్ దిగి, రెండున్నర కిలోల నీరు తీయించుకుని, బతికి కూర్చుని ఉండడం. చూసినవాళ్లు కూడా అదే గదిలో, అదే పని అయి కూర్చున్నవాళ్లు. మీమ్‌లో సగం మాత్రమే ఫొటోలో ఉంది, రెండో సగం ఆ గదిలో ఉంది. నేను ఫార్వర్డ్ నొక్కినప్పుడు ఫొటో వెళ్లింది, గది వెళ్లలేదు. అత్తకు 'తాగింది తీయడం సోమవారమే' అనే మాట అందింది. మామయ్యకు ఆ సోమవారం రాలేదు.

కాబట్టి పంపే ముందు అడగాల్సింది ఇది: అందుకునే మనిషికి ఈ విషయంలో ఫర్వాలేదు అనిపించే ఆధారం ఏదైనా ఉందా? బిడ్డకు జ్వరం తగ్గి ఇంటికొచ్చిన తల్లికి ఉంది. రిపోర్టు కోసం ఎదురు చూస్తున్న తల్లికి లేదు. మీకు ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు మనవాళ్లు. పిల్లి మనసులో చెడు ఏమీ లేకపోయినా ఎలుక సంగతి మారదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నాయన ఫొటో చూసి మా వీధిలో ఒకాయన, 'రోగంతో ఆటలేందయ్యా, అపశకునం' అని గదమాయించాడు. నాయన ఆ పూట మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రోగి తన రోగం మీద తానే నవ్వుకుంటుంటే, అతని తరఫున మనం నొచ్చుకుని ఆ నవ్వు లాక్కోవడం కూడా ఒక రకం క్రూరత్వమే అని నా అభిప్రాయం. డాక్టరు చేతిలో మందు, మెషిన్ చేతిలో రక్తం, ఇంట్లోవాళ్ల చేతిలో చెంబు. అతని చేతిలో మిగిలింది ఆ ఒక్క జోకే.

రోజు చూడండి, రోజులు కూడా చూడండి

2012లో శాండీ తుఫాను అమెరికా తూర్పు తీరాన్ని కొట్టింది. దాని మీద వేసిన జోకులను మెక్‌గ్రా బృందం వారాల తరబడి జనానికి చూపించి, ఎంత నవ్వొచ్చిందో అడిగింది. తుఫాను రాకముందు నవ్వు బాగానే ఉంది. నష్టం బయటపడ్డాక పడిపోయింది. తర్వాత మెల్లగా పెరిగి, 36 రోజులకు ఎక్కువైంది. ఆ తర్వాత మళ్లీ తగ్గింది, అప్పటికి సంగతి పాతబడింది కాబట్టి. 'అయితే 36 రోజులు ఆగి పంపుతా' అనుకోకండి. అడిగింది మామూలు జనాన్ని. ఇల్లు కొట్టుకుపోయినవాళ్ల గడియారం వేరే. ఈ లెక్కలోంచి తీసుకోవాల్సింది గీత పడి లేచే తీరు మాత్రమే.

ఆ తీరు మనమూ చూశాం. 2020 లాక్‌డౌన్‌లో ఘానా దేశపు శవపేటిక డాన్సు వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. బెంజమిన్ ఐదూ అనే ఆయన బృందం అది. పోయినవాళ్లను ఆటపాటలతో సాగనంపాలని కోరుకునే కుటుంబాలు వాళ్లను పిలిపించుకుంటాయి. మన పల్లెల్లో పెద్ద వయసు మనిషి పోతే పాడె ముందు డప్పులు కొట్టి చిందేయడం లాంటిదే. అప్పటికి మా ఊళ్లో కరోనాతో ఎవరూ పోలేదు, మాస్కు లేకుండా తిరిగేవాళ్లకు అది పంపి నవ్వుకున్నాం. 2021 మే వచ్చేసరికి నెల్లూరు బోడిగాడితోట శ్మశానం గురించి విన్న కబుర్లకే అన్నం దిగేది కాదు. అప్పుడు ఎవరో అదే వీడియో పంపితే, పంపినవాణ్ని నేనే బ్లాక్ చేశాను. వీడియోలో ఒక్క అడుగు కూడా మారలేదు.

ఇది నెలల లెక్క. జబ్బుకు వారం లెక్క కూడా ఉంటుంది, బయటివాళ్లకు ఇది తెలియదు. మా నాయన విషయంలో శుక్రవారం మెషిన్ దిగితే మళ్లీ సోమవారమే. మధ్యలో రెండు రోజుల ఎడం. ఆదివారం సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఆయాసం. డయాలసిస్ రోగులకు ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది ఆ పెద్ద ఎడం చివర్లోనే. మామయ్య పోయింది కూడా అప్పుడే. ఆదివారం రాత్రి వచ్చిన జోకు నాయనకు నచ్చదు. మెషిన్ దిగిన వెంటనే కూడా నచ్చదు, ఒళ్లు పిండేసినట్టుంటుంది. మంగళవారం, గురువారం మనిషి మామూలుగా ఉంటాడు. కీమో తీసుకునేవాళ్లకైనా, సంవత్సరీకం దగ్గరపడిన ఇంటికైనా ఇలాంటి క్యాలెండరు ఒకటి ఉంటుంది. అది తెలియకపోతే ఆ ఇంట్లో రోజూ పక్కన ఉండే మనిషిని అడగండి.

ఇంకా తెలియని కబురును మీమ్ బయటపెట్టకూడదు. మన ఇళ్లల్లో రిపోర్టులో ఏముందో రోగికి చెప్పకుండా దాచడం మామూలే. అది తప్పో ఒప్పో వేరే సంగతి. ఇంట్లో అందరికీ తెలుసనుకుని మీరు పంపిన 'ధైర్యంగా ఉండు మావా' మీమ్ ఆయనకు మొదటి కబురు అవుతుంది. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే.

పంపాక ఏం చూడాలి

నవ్వుతున్న బొమ్మ వచ్చింది కదా అని ఊపిరి పీల్చుకోకండి. గ్రూపులో పరువు కోసం అందరూ అది నొక్కుతారు. నేను చూసే గుర్తు ఒకటే: అవతలి మనిషి దానికి తన మాట ఏదైనా కలిపాడా? బోరింగుకు తాళం వేసిందన్నాయన తన ఇంటి సంగతి కలిపాడు, అంటే ఆ జోకులో ఆయనకూ చోటు దొరికింది. ఒక్క బొమ్మ పెట్టి రెండు రోజులు మాట్లాడకపోతే మాత్రం అనుమానించాలి, విడిగా ఫోన్ చేయాలి. జోకు గురించి అడగొద్దు, మనిషి గురించి అడగండి.

రోగే పెట్టే మీముల్లో కూడా ఒక మార్పును కనిపెట్టి ఉండాలి. ఇప్పటిదాకా జబ్బును, మెషిన్‌ను, ఉప్పులేని కూరను వెక్కిరించినవాడు తన్నుతానే బరువుగా చూపించుకోవడం మొదలుపెడితే, అది ఊరట కోసం పెట్టేది కాదు. మా గ్రూపులో ఒకాయన ఇలాగే మారాడు. మొదట సూది మీద జోకులు వేసేవాడు. తర్వాత బస్సు చార్జీల లెక్క కాగితం ఫొటో పెట్టి, 'నేను పోతే మా అబ్బాయి ఈపాటికి బండి కొనేవాడు' అన్నాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ వారం ఆయన ఒక డయాలసిస్ మానేశాడు. గమనించింది వార్డులో టెక్నీషియన్, మేం కాదు. ఆమె పక్కన కూర్చుని, 'చచ్చిపోవాలని ఉందా పెద్దాయనా?' అని సూటిగా అడిగింది. ఆయన అరగంట ఏడ్చాడు, మళ్లీ వస్తున్నాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామందికి భయం. అలా జరగదు, అడిగితే లోపలిది బయటికి వస్తుంది. మీకు అడిగే ధైర్యం లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

చెయ్యి జారిపోతే

వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా తీసేయడానికి రెండు రోజులకు పైగానే గడువు ఉంటుంది. తీసేయండి. కానీ సందేశం తొలగించారనే గుర్తు అక్కడే మిగులుతుంది. చూసినవాళ్లు చూసే ఉంటారు. తీసేశాను కదా అని ఊరుకుంటే దాచినట్టు అవుతుంది.

నేను మొదట చేసిన పని తప్పు. 'అత్తా, నాయన సరదాగా చేసింది, నీ గురించి కాదు' అని మెసేజి పెట్టాను. నిజమే, కానీ ఆ మాటల్లో తప్పు మోసేది నాయన, అర్థం చేసుకోవాల్సింది అత్త. నాకేమీ లేదు. రెండు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి వెళ్లాను. 'చూసుకోకుండా పంపాను, తప్పు నాది' అన్నాను, అంతే. 'కానీ' అనే మాట వాడలేదు. అత్త మాట్లాడలేదు, టీ పెట్టింది.

ఈ సందర్భంలో ఒక మాట. కిడ్నీ రోగి ఇంటికి పరామర్శకు పోయేటప్పుడు అరటిపండ్లు, కొబ్బరి బోండాలు పట్టుకుపోకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మా వార్డులో అందరికీ ఇష్టమైన మీమ్ కూడా దీని మీదే: బోండాం పట్టుకుని నవ్వుతూ వస్తున్న చుట్టం, కింద 'ఆస్తి పంచుకుందామని వచ్చాడు'. దీన్ని మీరు బయట పంపొద్దు. మా దగ్గరే ఉండనివ్వండి.

అత్త దగ్గరికి నెలమాసికం అయ్యాక మళ్లీ వెళ్లాను. మాటల్లో మాటగా మామయ్య సంగతి తనే ఎత్తింది. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు లెక్కపెట్టి పెట్టేదట. ఆయన ఒకటి తీసుకుని, దాని బదులు డబ్బాలో పాత సీసా మూత పడేసేవాడట, లెక్క సరిపోవాలని. 'పోయాక డబ్బా తీస్తే పదకొండు మూతలు' అంది. నేను నవ్వలేదు, తనవైపు చూస్తూ కూర్చున్నాను. తను నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను. బయటికొచ్చాక దీన్ని మీమ్ చేస్తే వార్డులో ఎంత పేలుతుందో అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. చేయలేదు. ఇక్కడ రాయడానికి మాత్రం అత్తను అడిగాను, పేరు పెట్టకుండా రాసుకోమంది.

బంధువుల గ్రూపులోకి ఇంకా తిరిగి రాలేదు. నేను చేర్చనూ లేదు. లింకు పంపాను, అది తన ఫోన్లో ఉంది.